"పిన్నీ, ఇది నా కొత్త నంబర్" అని ఫోనొస్తే ఏం చేయాలి

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఏ మాట దగ్గర ఏం చేసి ఉండాల్సిందో దాంట్లోనే ఉంది.

మా పిన్నిది శ్రీకాకుళం జిల్లా కవిటి పక్క ఒక పల్లె. కొబ్బరి తోటల మధ్య ఇల్లు, పిల్లలంతా బయట ఉద్యోగాలు. మా తమ్ముడు కువైట్‌లో వెల్డరు. మా ఉద్దానం ప్రాంతంలో ఇంటికొకరు ఇలా గల్ఫ్‌లోనో, ఓడ మీదో, హైదరాబాద్‌లోనో ఉండటం మామూలే కాబట్టి, అక్కడి పెద్దవాళ్లకి తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే అనుమానం కంటే ముందు ఆశ పుడుతుంది, మనవాడేమో అని. ఆ రోజు పొద్దున్న పది నలభైకి ఫోన్ మోగింది.

"పిన్నీ, బాగున్నావా?"

"ఎవరు నాయనా?"

"అదేంటి పిన్నీ, గొంతు కూడా గుర్తుపట్టలేదా?"

మా పిన్ని కాసేపు ఆలోచించి మా తమ్ముడి పేరు చెప్పింది. "ఆఁ, నేనే" అన్నాడు వాడు. "కువైట్ నుంచి ఎప్పుడొచ్చీసావురా?" అంది పిన్ని. "ఇప్పుడే ముంబైలో దిగాను పిన్నీ, ఎయిర్‌పోర్ట్‌లో ఫోన్, బ్యాగు రెండూ పోయాయి, ఇది వేరేవాళ్ల ఫోన్" అన్నాడు.

ఇక్కడ ఆగి చూడండి. వాడికి పేరు తెలియదు, కువైట్ తెలియదు. రెండూ మా పిన్నే ఇచ్చింది. వాడు ఇచ్చింది "పిన్నీ" అన్న ఒక్క పిలుపు. అరవై దాటిన ఆడమనిషిని మన జిల్లాలో ఏ పిల్లాడైనా పిన్నీ అనో, పెద్దమ్మా అనో, అత్తా అనో అంటాడు, మూడింట్లో ఒకటి తగిలినా చాలు. తగలకపోతే సారీ అని పెట్టేసి ఇంకో నంబర్ కొడతాడు.

అందుకని మొదట చేయాల్సింది ఇది. "గుర్తుపట్టలేదా" అంటే "పట్టలేదు, ఎవరో నువ్వే చెప్పు" అనండి. మొహమాటం వద్దు. నిజంగా మన పిల్లాడైతే నవ్వి పేరు చెప్తాడు, లేదంటే కాస్త అలుగుతాడు, అంతకంటే ఏమీ కాదు. మోసగాడైతే మళ్లీ అదే తిప్పుతాడు: "ఊహించు చూద్దాం", "నీకిష్టమైనవాణ్ణే", "మరిచిపోయావన్నమాట". ఇలా రెండోసారి కూడా పేరు చెప్పకుండా దాటేశాడంటే ఇంక మాట అనవసరం, పెట్టేయండి. మీ నోటి నుంచి పేరు గానీ, ఊరు గానీ, ఎవరు ఎక్కడున్నారన్నది గానీ ముందు రాకూడదు. ఇంట్లో పెద్దవాళ్లకి వంద జాగ్రత్తలు చెప్పి భయపెట్టే బదులు ఈ ఒక్కటి నాలుగుసార్లు చెప్పండి, మిగతావి ఎలాగూ గుర్తుండవు.

పేరు సరిగ్గా చెప్పినంత మాత్రాన మనవాడే అనుకోకండి. పెళ్లి శుభలేఖలో వధూవరుల దగ్గర్నుంచి మేనమామల వరకు అందరి పేర్లూ, కింద రెండు ఫోన్ నంబర్లూ ఉంటాయి, దాన్నే ఫోటో తీసి వాట్సాప్‌లో ఊరంతా తిప్పుతాం. ఫేస్‌బుక్‌లో ఎవరు ఎవరికి "హ్యాపీ బర్త్‌డే బావా" అని పెట్టారో చూసినా వరస తెలిసిపోతుంది. మా పిన్ని కేసులో ఫోన్ పెట్టేసిన ఇరవై నిమిషాలకి అదే నంబర్ నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది, డీపీలో మా తమ్ముడి పెళ్లి ఫోటో. పేరు తెలిశాక ఫేస్‌బుక్‌లో వెతికి తీసుంటాడు. ఫోటో చూశాక పిన్నికి ఉన్న కాస్త అనుమానమూ పోయింది. డీపీ ఎవరైనా ఎవరిదైనా పెట్టుకోవచ్చన్న సంగతి ఆవిడకి తెలియదు.

ఇక డబ్బు సంగతి. కస్టమ్స్ వాళ్లు సామాను ఆపేశారని, 18,500 కడితే వదులుతారని, అర్జెంటని అన్నాడు. తన ఫోన్‌పే పని చేయదు కాబట్టి పక్కనున్న ఫ్రెండ్ నంబర్‌కి వేయమన్నాడు. "అమ్మకి, మా ఆవిడకి చెప్పకు పిన్నీ, టెన్షన్ పడతారు, ఇంటికొచ్చాక నేనే చెప్తాను" అని కూడా అన్నాడు.

ఈ కథ ఎందుకు అంత సులువుగా నమ్మబుద్ధవుతుందో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. యూపీఐ యాప్ మీ సిమ్‌కి ముడిపడి ఉంటుంది. ఆ సిమ్ లేకుండా వేరే ఫోన్‌లో యాప్ మొదలుపెట్టడం కుదరదు. అంటే నిజంగా ఫోన్ పోయినవాడికి ఫోన్‌పే, గూగుల్‌పే పనిచేయవన్నది అక్షరాలా నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని, పాత నంబర్ ఎందుకు ఎత్తడు, డబ్బు వేరేవాళ్ల పేరు మీద ఎందుకు వెయ్యాలి, వీడియో కాల్ ఎందుకు రాదు అన్న మూడు ప్రశ్నలకీ వాడు ముందే జవాబు తయారుచేసుకున్నాడు. ఇక ఇంట్లోవాళ్లకి చెప్పకు అన్నది నాలుగోది, అసలు ముఖ్యమైనది. మా మరదలు ఆ ముందు రాత్రే తమ్ముడితో ఇమోలో గంట మాట్లాడింది. ఒక్క ఫోన్ ఆమెకి కొట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

కాబట్టి డబ్బు మాట వచ్చిందా, "సరే నాయనా, చూస్తాను" అని ఫోన్ పెట్టేయండి. వాణ్ణి ప్రశ్నలడిగి పట్టుకుందామని కూర్చోవద్దు. చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది, లేని మనిషిని ఉన్నట్టు అడగడం, "మీ సీతాలు అత్త కాలు ఎలాగుందిరా?" అని. సీతాలు అత్త అసలు లేదు కాబట్టి "బానే ఉంది" అంటే దొరికిపోయినట్టే. పనిచేస్తుంది, కాదనను. కానీ తెలివైనవాడు "అదంతా తర్వాత పిన్నీ, ఇక్కడ పోలీసులున్నారు" అని ఏడుపు మొదలుపెడితే మనమే కంగారు పడతాం. యాసని నమ్ముకోవడమూ అంతే. మావాడు "ఏటి పిన్నీ" అంటాడు, "ఏంటి" అనడు, వాడేమో "ఏంటి" అన్నాడు, మధ్యలో ఒకసారి "ఆంటీ" అని కూడా జారాడట. ఇవన్నీ పిన్నికి సాయంత్రం గుర్తొచ్చాయి. భయంలో ఉన్న మనిషి చెవికి యాస వినపడదు.

ఫోన్ పెట్టేశాక మీ ఫోన్‌లో ముందు నుంచీ సేవ్ అయి ఉన్న పాత నంబర్‌కి మీరే కాల్ చేయండి. ఫోన్ పోయిందన్నాడు కదా, చేసి ఏం లాభం అనుకోకండి, ఆ మాట చెప్పిందే మీరు చేయకుండా ఉండటానికి. మోగితే, ఎత్తితే, అయిపోయింది.

ఎత్తకపోతే మాత్రం "అయితే నిజమే పోయింది" అని తేల్చేయకండి. మా తమ్ముడు పనిచేసే సైట్‌లో ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, లాకర్‌లో పెట్టి వెళ్లాలి. మన పది నలభై అంటే కువైట్‌లో ఎనిమిది పది, డ్యూటీలో ఉంటాడు. పిన్ని నిజానికి ఒకసారి పాత నంబర్‌కి కొట్టింది కూడా, ఎత్తలేదు, అదే ఆవిడకి సాక్ష్యమైపోయింది. ఇలాంటప్పుడు పాత నంబర్‌కి వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి టిక్కులు చూడండి. రెండు టిక్కులు పడితే ఆ అకౌంట్ ఎక్కడో నెట్‌లో ఉన్న ఫోన్‌లోనో, దానికి లింక్ చేసిన కంప్యూటర్‌లోనో బతికే ఉందని అర్థం. ఫోన్ దొంగ చేతిలో ఉన్నా రెండు పడొచ్చు కాబట్టి ఇది పూర్తి రుజువు కాదు, కానీ "పోయి స్విచ్ఛాఫ్ అయింది" అన్న కథ మీద మాత్రం అక్కడే అనుమానం రావాలి. ఒక టిక్కే పడితే ఏమీ తేలనట్టు, నెట్ ఆపుకుని ఉన్నా అలాగే ఉంటుంది.

తర్వాత ఆ మనిషిని రోజూ చూసే ఇంకొకరికి కొట్టండి. భార్య, రూమ్మేటు, అదే కంపెనీలో ఉన్న మన ఊరి కుర్రాడు, హాస్టల్ వార్డెన్, ఎవరైనా సరే, కానీ ఆ నంబర్ మీ దగ్గర ముందే ఉన్నదై ఉండాలి. కొత్తగా ఫోన్ చేసినవాడు ఇచ్చిన "ఫ్రెండ్" నంబర్‌కి చేస్తే వాడి పక్కవాడే ఎత్తుతాడు. ఆసుపత్రి అని చెప్తే ఏ ఊరు, ఏ ఆసుపత్రి, ఏ వార్డు అని అడిగి, ఆ ఊళ్లో మీకు తెలిసినవాళ్లని పంపండి. ఇదంతా కలిపి పావుగంట పని. పావుగంట ఆగితే పోయే కస్టమ్స్ సామాను ఏదీ లేదు, మొదటి ఇంజక్షన్‌కి పిన్ని ఫోన్‌పే కోసం ఎదురుచూసే ఆసుపత్రీ లేదు.

ఇంకో మాట. ఒక్కోసారి మెసేజ్ పాత నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే మనవాడి వాట్సాప్‌నే ఎవరో ఓటీపీ అడిగి లాగేసుకుని ఉంటారు. పేరు, డీపీ, పాత చాట్ అన్నీ అలాగే ఉంటాయి. అందుకే డబ్బు అడిగింది ఏ నంబరైనా మామూలు ఫోన్ కాల్‌లో గొంతు వినకుండా పంపొద్దు. వాట్సాప్ పోయినా సిమ్ మనవాడి దగ్గరే ఉంటుంది కాబట్టి మామూలు కాల్ ఎక్కువసార్లు మనవాడికే మోగుతుంది.

ఇప్పుడు కిరాణా కొట్టువాళ్ల కోసం. మా పిన్నికి ఫోన్‌పే లేదు. బీరువాలోంచి 18,500 తీసుకుని సెంటర్లో కొట్టుకి వెళ్లి "ఈ నంబర్‌కి కొట్టీ బాబూ" అంది. పల్లెల్లో సగం ఫోన్‌పే ఇలాగే నడుస్తుంది. అతను నంబర్ కొట్టాడు, పేరు వచ్చింది, ఎక్కడో ఉత్తరాది పేరు. "ఇదేనా అమ్మా?" అని కూడా అడగలేదు. మీరు కొట్టులో ఉన్నవాళ్లైతే, పంపే ముందు స్క్రీన్ మీద వచ్చిన పేరు గట్టిగా చదివి వినిపించండి, "ఈయన మీకేమవుతాడు?" అని అడగండి. "మా వాడి ఫ్రెండు, మా వాడి ఫోన్ పోయింది" అని జవాబొస్తే పాత నంబర్ తీసుకుని మీ ఫోన్ నుంచే ఒకసారి కొట్టి చూడండి. ఇది మీ మంచికి కూడా, ఎందుకో చెప్తాను.

డబ్బు పోయాక జరిగింది చూడండి. పదకొండున్నరకి 18,500 వెళ్లింది. పన్నెండుకి వాడు మళ్లీ ఫోన్ చేసి ఫైన్ కూడా పడిందని, ఇంకో 30,000 కావాలన్నాడు. అంత నగదు లేక పిన్ని నాకు ఫోన్ చేసింది, "తమ్ముడు ముంబైలో చిక్కుకుపోయాడురా, ఎవరికీ చెప్పొద్దన్నాడు గానీ..." అంటూ. నేను మరదలికి కొట్టాను, ఆమె కంపెనీ క్యాంపులో ఉన్న ఇంకో మనూరి కుర్రాడికి కొట్టింది, పది నిమిషాల్లో తేలిపోయింది, మావాడు సైట్‌లోనే ఉన్నాడు.

తేలిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాలకి దేశమంతటికీ ఒకటే నంబర్. ఇక్కడ నిమిషాలు లెక్క, ఎందుకంటే మీ డబ్బు మొదట పడిన ఖాతాలో ఉండదు, అక్కడి నుంచి ముక్కలై ఇంకో రెండు మూడు ఖాతాలకి వెళ్లి ఎక్కడో ఏటీఎంలో నోట్లయి బయటికొస్తుంది. 1930లో ఫిర్యాదు ఎక్కగానే ఆ వివరాలు బ్యాంకులకి వెళ్తాయి, గొలుసులో ఎక్కడ ఎంత మిగిలి ఉంటే అంత పట్టి ఆపుతారు. నోట్లయి బయటికెళ్లింది మాత్రం ఆగదు.

వాళ్లు అడిగేవి ముందే కాగితం మీద రాసుకోండి: ఎంత, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ బ్యాంకు ఏ ఖాతా నుంచి వెళ్లింది, ఏ నంబర్‌కి లేదా యూపీఐ ఐడీకి వెళ్లింది, లావాదేవీ నంబర్. ఈ చివరిది ఫోన్‌పే యాప్‌లో ఆ పేమెంట్ మీద నొక్కితే UTR అని 12 అంకెలు కనిపిస్తుంది. యాప్ సొంతంగా పెట్టుకునే పొడుగాటి ట్రాన్సాక్షన్ ఐడీ ఇంకోటి ఉంటుంది, రెండూ రాసుకోండి గానీ బ్యాంకులకి పనికొచ్చేది ఆ 12 అంకెలదే.

మేము ఇరుక్కున్నది ఇక్కడే. నేను శ్రీకాకుళం నుంచి 1930కి కొట్టి పిన్ని పేరు చెప్పాను, ఏ ఖాతా నుంచి వెళ్లిందని అడిగారు. పిన్ని ఖాతా నుంచి పైసా వెళ్లలేదు, వెళ్లింది కొట్టతని ఖాతా నుంచి. UTR అతని ఫోన్‌లో ఉంది, అతనేమో మధ్యాహ్నం కొట్టు మూసి భోజనానికి వెళ్లాడు. ఇల్లు వెతికి, మనిషిని లేపి, "నా మీదకొస్తుందా?" అని భయపడుతున్నవాణ్ణి ఒప్పించి వివరాలు తీసేసరికి దాదాపు గంటన్నర పోయింది. మీ విషయంలో ఇలాగే జరిగితే ఫిర్యాదు మీరు చేయబోకండి, కొట్టతని చేతే అతని ఫోన్ నుంచి చేయించండి, నగదు ఎవరిచ్చారన్నది కూడా అందులోనే చెప్పించండి. అతనికి భయపడాల్సింది లేదు, అతని ఖాతా డబ్బు పంపిన వైపు ఉంది, తీసుకున్న వైపు కాదు.

1930 లైన్ బిజీ వస్తే ఎదురుచూస్తూ కూర్చోకుండా ఇంకొకరు అదే సమయంలో cybercrime.gov.in తెరిచి ఫిర్యాదు పెట్టడం మొదలుపెట్టాలి. ఫోన్‌లో చెప్పినా సరే, మెసేజ్‌లో వచ్చే నంబర్ పట్టుకుని 24 గంటల్లోపు ఆ సైట్‌లో పూర్తి వివరాలు నింపాలి. స్క్రీన్‌షాట్లు అక్కడే అప్‌లోడ్ చేయాలి కాబట్టి కోపంతో చాట్ డిలీట్ చేయడం, బ్లాక్ చేయడం ముందు చేయకండి. వాట్సాప్‌లో రిపోర్ట్ కొట్టేటప్పుడు చాట్ కూడా చెరిగిపోయే అవకాశం ఉంది, ముందు నంబర్ కనిపించేలా ఫోటోలు తీసుకుని తర్వాత ఏదైనా.

బ్యాంకుకీ చెప్పాలి. నంబర్ ఏటీఎం కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో ఉన్నదే తీసుకోండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే దొరికే నంబర్లలో ఇంకో దొంగ కూర్చుని ఉంటాడు. బ్యాంకువాళ్లు "పిన్ కొట్టింది మీరే కదా" అంటారు, అందులో వాళ్ల వైపు న్యాయముంది. మూడు పనిరోజుల్లో చెప్తే కస్టమర్ మీద భారం ఉండదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది కస్టమర్ చేయని లావాదేవీల గురించి, మనం నమ్మి పంపినదానికి అది వర్తించదు. అయినా చెప్పి, చెప్పినట్టు నంబర్ తీసుకోండి.

మా 18,500లో 6,200 ఒక ఖాతాలో ఆగింది. ఆగింది అంటే వెనక్కి వచ్చిందని కాదు, అక్కడ పట్టి ఉంచారంతే. దాన్ని విడుదల చేయడానికి కొన్ని కేసుల్లో కోర్టు ఉత్తర్వు కూడా కావాలి, అందుకు ఫిర్యాదు నంబర్ పట్టుకుని స్టేషన్‌కి తిరగాలి. ఆ తిరిగే రోజుల్లోనే "మీ డబ్బు రికవరీ అయింది, ప్రాసెసింగ్ ఫీజు 999 కట్టండి" అని ఫోన్ వస్తుంది. మాకు పదకొండో రోజున వచ్చింది. ఫిర్యాదు చేయడానికీ, ఆగిన డబ్బు విడిపించడానికీ పోలీసులు ఫోన్‌పేలో ఫీజు అడగరు.

డబ్బు పోకుండా తప్పించుకున్నా ఆ నంబర్‌ని ఊరికే వదలొద్దు. sancharsaathi.gov.in లో చక్షు అని ఒక విభాగం ఉంది, ఇలాంటి ఫోన్లు, మెసేజ్‌లు వచ్చాయని అక్కడ చెప్పొచ్చు. డబ్బు పోయినవాళ్లకి మాత్రం అది కాదు, వాళ్లకి 1930.

ఇవన్నీ చేస్తూనే, ఇంట్లో ఒకరు బంధువులందరికీ ఫోన్లు చేయాలి. గ్రూపులో మెసేజ్ పెడితే చాలదు, చదవాల్సిన వయసువాళ్లు చదవరు. పిన్ని మాటల్లో వాడికి మా తమ్ముడి పేరుతో పాటు మా పెద్దమ్మ సోంపేటలో ఉందన్న సంగతీ దొరికింది. నేను పెద్దమ్మకి ఫోన్ చేసేసరికి మూడైంది. "ఇప్పుడే నీ తమ్ముడు చేశాడురా, పిన్ని డబ్బు సరిపోలేదంట, పెదనాన్న బ్యాంకుకి బయల్దేరుతున్నాడు" అంది. పెదనాన్న అప్పటికి చెప్పులేసుకుని గేటు దగ్గరున్నాడు.